రియాద్‌లో ఇప్పుడు ఎన్నవుతోంది?

చార్మినార్ కింద నిలబడి తల పైకెత్తితే నాలుగు వైపులా నాలుగు గడియారాలు కనిపిస్తాయి. కట్టడం 1591 నాటిది, గడియారాలు మాత్రం 1889లో వచ్చి చేరాయి. లాడ్ బజార్ దాటి అలా ముందుకెళ్తే మహబూబ్ చౌక్‌లో 1892 నాటి గడియార స్తంభం ఇంకొకటి. టైం తెలుసుకోవడానికి పాతబస్తీలో ఎవరూ ఇబ్బంది పడక్కర్లేదు. అయితే ఇక్కడి గల్లీల్లో చాలా ఇళ్లల్లో ఈ గడియారాలు చూపించని ఇంకో టైం కూడా నడుస్తూ ఉంటుంది. అది రియాద్ టైమో, జెద్దా టైమో, దుబాయ్ టైమో. పొయ్యి మీద చాయ్ పెట్టిన తల్లి, "ఇప్పుడు వాడికి ఎన్నవుతోంది?" అని మనసులో లెక్క వేసుకుంటూనే ఉంటుంది. ఇవాళ మీతో ఆ లెక్క గురించే మాట్లాడాలని ఉంది.

1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగినప్పటి నుంచి పాతబస్తీ అటు వెళ్తూనే ఉంది. బార్కస్ వాళ్లకైతే ఆ సంబంధం ఇంకా పాతది. నిజాం ఫౌజులో కొలువుకని యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వంశాలు అక్కడున్నాయి. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి వెళ్లినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఊళ్లల్లో "దుబాయ్ పోయిండు" అంటే మస్కట్‌కి పోయినా కువైట్‌కి పోయినా అదే మాట.

మా బాబాయి షాలిబండలో ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్ నడిపేవాడు. పసుప్పచ్చ బోర్డు, ఒక మనిషి పట్టే అద్దాల గది, బయట ఎర్రంకెలు తిరిగే మీటరు, టకటకమని బిల్లు కొట్టే చిన్న యంత్రం. సెలవుల్లో నేనక్కడ కూచునేవాణ్ణి. సెల్‌ఫోన్ ఇంటింటికీ రాని రోజులు. విదేశానికి ఫోనంటే నిమిషం నిమిషానికీ గుండె కొట్టుకునేంత ఖరీదు. అందుకే అవతల మనిషి దొరికే టైం చూసుకునే చేయాలి. తప్పు టైంలో చేస్తే ఎవరో ఎత్తుతారు, "డ్యూటీకెళ్లాడు" అంటారు, ఆ ఒక్క మాటకీ బిల్లు పడుతుంది. ఆ బూత్‌లో బాబాయి నంబరు కలపడానికి ముందు చూసుకునేవి మూడే మూడు. ఈ నంబరు ఏ దేశానిది? అక్కడ ఇప్పుడు గడియారంలో ఎంత? ఆ గంటకి ఆ మనిషి ఏం చేస్తుంటాడు? ఇప్పటికీ ఈ వరస మారలేదు.

మొదట నంబరు సంగతి. ఒక పెద్దావిడ నల్ల బురఖా మడతలోంచి చీటీ తీసి కౌంటరు మీద పెట్టేది. కొడుకు రాసి పంపిన నంబరు, 05తో మొదలవుతుంది, మొత్తం పది అంకెలు. పది అంకెలున్నాయి కాబట్టి మన నంబరులాగే కలిపేయొచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. బాబాయి అడిగేవాడు.

"ఎక్కడుంటాడమ్మా మీవాడు?"

"సౌదీ, బేటా."

"సౌదీలో ఏ ఊరు?"

"రియాద్ అంటాడు."

అప్పుడు బాబాయి పెన్సిలు తీసి చీటీలో ముందున్న సున్నాని కొట్టేసేవాడు. ఆ సున్నా సౌదీ లోపల ఒకరికొకరు చేసుకునేటప్పుడు వాడుకునేది. బయటి దేశం నుంచి చేసేటప్పుడు దాని చోట్లో 00, ఆ వెంట 966 వస్తాయి. అంటే 00 966, తర్వాత 5తో మొదలయ్యే తొమ్మిది అంకెలు. సెల్‌ఫోన్‌లో ఆ రెండు సున్నాల బదులు + గుర్తు పెడితే సరిపోతుంది. సున్నా కొట్టేయకుండా 966 05 అని నొక్కినవాళ్లకి చాలాసార్లు "నంబరు సరిచూసుకోండి" అనే రికార్డు వినిపిస్తుంది. నంబరు తప్పనుకుని చీటీ చింపేసిన వాళ్లూ ఉన్నారు. నంబరు తప్పు కాదు, ఆ ఒక్క సున్నా ఎక్కువైంది, అంతే. దుబాయ్ నంబరు 050 అని రాసి ఉన్నా, లండన్ నంబరు 07 అని రాసి ఉన్నా ఇదే మాట. అవి 971 50 అనీ, 44 7 అనీ అవుతాయి.

ఆ 966 వెనకాల వచ్చే అంకె కూడా ఒక కబురు చెబుతుంది. 5 వస్తే సెల్‌ఫోన్. 11 వస్తే రియాద్‌లో ల్యాండ్‌లైన్, 12 అయితే జెద్దా, మక్కా వైపు, 13 అయితే దమ్మామ్ వైపు. ల్యాండ్‌లైన్ అంటే సాధారణంగా ఆఫీసో దుకాణమో. అది తెరిచి ఉండే వేళలు వేరు, మనిషి మేలుకుని ఉండే వేళలు వేరు.

ఇక దేశం తెలిసింది. గంట సంగతి చూద్దాం. 965 కువైట్, 966 సౌదీ, 967 యెమెన్, 973 బహ్రెయిన్, 974 ఖతార్. ఈ ఐదూ మనకంటే రెండున్నర గంటలు వెనక. 968 ఒమన్, 971 యూఏఈ, ఈ రెండూ గంటన్నర వెనక. గల్ఫ్ వరకు ఇంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు. పైగా ఆ దేశాలవాళ్లు ఏడాదిలో ఎప్పుడూ గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు. సంక్రాంతికి ఉన్న తేడానే దసరాకీ ఉంటుంది.

కోడ్‌లు వరసగా ఉన్నాయి కదా, టైం కూడా వరసగానే ఉంటుందని మాత్రం అనుకోకండి. 974 ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటే, దాని పక్క అంకె 975 భూటాన్ మనకంటే అరగంట ముందు. 977 నేపాల్ పావుగంట ముందు. మొదటి అంకె 9 చెప్పేదల్లా అది ఆసియాలో మన చుట్టుపక్కల నుంచి పడమటి వైపున్న దేశం కావచ్చనే. అంతకుమించి గంట సంగతి అందులో లేదు.

ఆ అరగంట ఎందుకొచ్చిందో తెలిస్తే లెక్క మరచిపోరు. భూమి ఒక గంటలో 15 డిగ్రీలు తిరుగుతుంది. సౌదీ తన గడియారాన్ని 45 డిగ్రీల తూర్పు రేఖ మీద పెట్టుకుంది, మనం 82.5 డిగ్రీల రేఖ మీద పెట్టుకున్నాం. మన రేఖ పైన మీర్జాపూర్ దగ్గర నుంచి కింద మన కాకినాడ వైపుగా దిగుతుంది. మధ్యలో తేడా 37.5 డిగ్రీలు, అంటే సరిగ్గా రెండున్నర గంటలు. చాలా దేశాలు 15 డిగ్రీల లెక్కన పూర్తి గంటల మీద నిలబడితే మనం రెండు గంటల నడుమ నిలబడ్డాం. కాబట్టి ఆ దేశాలకి ఎక్కడికి లెక్క కట్టినా మనకి ఒక అరగంట తగులుతుంది.

ఆ అరగంట దగ్గరే తడబాటు. 9:15 లోంచి రెండున్నర తీసేయాలంటే చాలామంది ఆగిపోతారు. బాబాయి పద్ధతి వేరు. మూడు గంటలు తీసేయి, అరగంట కలుపు. రాత్రి 9:15 లోంచి మూడు పోతే 6:15, అరగంట కలిస్తే 6:45. రియాద్‌లో సాయంత్రం 6:45 అన్నమాట. దుబాయ్‌కి రెండు తీసి అరగంట కలపాలి. 9:15 లోంచి రెండు పోతే 7:15, అరగంట కలిస్తే 7:45. వేళ్ల మీద చేసుకోవచ్చు.

లండన్‌కి ఇంకా సులువు, అయితే ముళ్ల గడియారం ఉండాలి. చేతి గడియారం విప్పి, 6 పైకి వచ్చేలా తలకిందులు చేసి చదవండి. మనకి మధ్యాహ్నం మూడైతే చిన్న ముల్లు తొమ్మిది వైపు, పెద్ద ముల్లు ఆరు వైపు తిరుగుతాయి. లండన్‌లో ఉదయం 9:30. చలికాలంలో ఇది సరిపోతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా వాళ్లు గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఆ నెలల్లో వచ్చినదానికి ఒక గంట కలుపుకోవాలి.

ఇంతవరకు ఒక కోడ్‌కి ఒక టైం. అమెరికా దగ్గరికొచ్చేసరికి ఈ సుఖం ఉండదు. దాని కోడ్ 1. ఆ ఒక్క 1లో అమెరికా ఉంది, కెనడా ఉంది, కరీబియన్ దీవులు చాలా ఉన్నాయి. న్యూయార్క్‌కీ కాలిఫోర్నియాకీ మధ్యే మూడు గంటలు. అందుకని 1 తర్వాత వచ్చే మూడంకెలు చూడాలి. అది ఏరియా కోడ్. 732 అయితే న్యూజెర్సీలో ఎడిసన్ వైపు. 312, 773 షికాగో. షికాగోలో డెవన్ అవెన్యూ అంటే హైదరాబాదీలకి తెలియని పేరు కాదు. 214, 469, 972 డాలస్. 408 శాన్ హోసే వైపు. 206 సియాటెల్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. డాలస్‌ది 972 అన్నాను కదా. ఇజ్రాయెల్ దేశం కోడ్ కూడా 972 యే. మొదటి 1 వదిలేసి 00 972 అని మొదలుపెడితే మీ ఫోన్ డాలస్ వైపు కాదు, ఇజ్రాయెల్ వైపు బయల్దేరుతుంది. ఫోన్‌లో పేరు దాచుకునేటప్పుడే +1తో సహా దాచుకుంటే ఈ చిక్కు రాదు.

అమెరికా లెక్కకి నాకు బాగా నచ్చిన దారి ఒకటుంది. పదిన్నర, పదకొండున్నర గంటలు తీసేయడం ఎవరివల్ల అవుతుంది? దాని బదులు ముందు రాత్రిని పగలు చేయండి, పగటిని రాత్రి చేయండి. పన్నెండు గంటలు పోయాయన్నమాట. ఆ తర్వాత చిన్న సర్దుబాటు చాలు. చలికాలంలో న్యూయార్క్, న్యూజెర్సీ అయితే గంటన్నర కలపండి. షికాగో, డాలస్ అయితే అరగంట కలపండి. కాలిఫోర్నియా, సియాటెల్ అయితే గంటన్నర తీసేయండి. మనకి రాత్రి 8:30 అనుకుందాం. తిప్పితే ఉదయం 8:30. షికాగోకి అరగంట కలిపితే ఉదయం 9:00. సియాటెల్‌కి గంటన్నర తీస్తే ఉదయం 7:00. ఎండాకాలంలో అన్నింటికీ ఒక గంట కలుపుకోండి, షికాగోలో 10:00, సియాటెల్‌లో 8:00 అవుతాయి. తారీకు మాట మరవొద్దు. మన పొద్దున ఏడు గంటలు వాళ్లకి నిన్నటి రాత్రి. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాలని మనం పొద్దున్నే చేస్తే అక్కడింకా ముందు రోజే నడుస్తుంటుంది.

ఎండాకాలం ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అంటే, అమెరికాలో 2007 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. లండన్ మార్చి చివరి ఆదివారం మారుతుందని చెప్పాను. అంటే మార్చిలో రెండు మూడు వారాల పాటు అమెరికా తేడా మారిపోయి ఉంటుంది, లండన్ తేడా పాతదే ఉంటుంది. కూతురు లండన్‌లో, కొడుకు న్యూజెర్సీలో ఉన్న ఇళ్లల్లో ఆ రోజుల్లో తికమక పడేది అందుకే. అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలో ఎక్కువ భాగం ఈ మార్పు పాటించదు. ఫీనిక్స్‌లో పిల్లలున్నవాళ్లకి మనతో తేడా ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటలే.

ఏరియా కోడ్ కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. అమెరికాలో ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లినా పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. చదువుకి డాలస్‌లో దిగిన కుర్రాడు అక్కడ తీసుకున్న నంబరుతోనే సియాటెల్‌లో ఉద్యోగం చేస్తుంటాడు. నంబరు చూసి డాలస్ అనుకుని పొద్దున తొమ్మిదింటి లెక్కన చేస్తే, అక్కడ ఏడు గంటలకి శనివారం నిద్ర చెడుతుంది. వాట్సాప్‌దీ ఇదే పేచీ. +91 నంబరుతోనే వాట్సాప్ పెట్టుకుని దుబాయ్‌లో ఉండేవాళ్లు ఎంతమందో! నంబరు ఎక్కడ పుట్టిందో కోడ్ చెబుతుంది, మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పదు. అందుకని ఫోన్‌లో పేరు పక్కనే ఊరు పేరు కూడా రాసుకోవాలి. అన్నిటికంటే నేను నొక్కి చెప్పే మాట ఇదే. ఫోన్ గడియారంలో ప్రపంచ నగరాల పట్టీ ఉంటుంది, అందులో రియాద్, షికాగో లాంటి ఊళ్లు చేర్చుకుంటే ఎండాకాలం మార్పులతో సహా అదే సరిచూసుకుంటుంది. కానీ దానికీ ఊరు మీరే చెప్పాలి.

ఇక బాబాయి అడిగే మూడో ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. రియాద్‌లో సాయంత్రం 6:45 అని తేలింది, బాగానే ఉంది. 6:45కి వాడు ఖాళీగా ఉన్నాడా?

రియాద్‌లో కట్టడం పనికెళ్లినవాడి రోజు మన ఆఫీసువాళ్ల రోజులా ఉండదు. తెల్లవారుజామునే లేచి క్యాంపు నుంచి బస్సెక్కాలి. దిగాక స్నానానికి వరస, వంటకి వరస. రాత్రి పదికల్లా పడుకోకపోతే మర్నాడు నిలబడలేడు. రియాద్ పది అంటే మనకి పన్నెండున్నర. మన వైపు భోజనాలయ్యి, పిల్లలు పడుకుని, తీరిగ్గా పదకొండున్నరకి ఫోన్ తీస్తే అక్కడ తొమ్మిది, ఇంకా ఫర్వాలేదు. పాతబస్తీలో రాత్రులు ఆలస్యంగా నడుస్తాయి కాబట్టి ఒక్కోసారి ఒంటిగంటకి గుర్తొస్తాడు. అప్పుడు వాడు మంచి నిద్రలో ఉంటాడు. మరి దుకాణంలోనో హోటల్లోనో పనిచేసేవాడైతే కథ వేరు. మధ్యాహ్నం మూసి, సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా గిరాకీ. వాడికి 6:45 అంటే ఊపిరాడని వేళ. ఒకే ఊరు, ఒకే గంట, ఇద్దరు మనుషులకి రెండు జవాబులు.

ఎండలు మండే రోజుల్లో ఇంకో చిన్న సందు దొరుకుతుంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నియమం. మన లెక్కలో 2:30 నుంచి 5:30. యూఏఈలోనూ అవే తారీకులు, అక్కడ 12:30 నుంచి 3, అంటే మనకి 2:00 నుంచి 4:30. ఆ వేళ మనవాడు నీడన ఉంటాడు. ఉంటాడు కదా అని మనం చేయడం కంటే, వాడు చేస్తే ఎత్తడానికి సిద్ధంగా ఉండటం మేలని నేనంటాను. ఆ గంటల్లో వాడికి కావలసింది నిద్ర.

వారం సంగతి కూడా ఉంది. సౌదీలో 2013 నుంచి వారాంతం శుక్ర, శనివారాలు. అంతకు ముందు గురు, శుక్రవారాలు ఉండేవి. యూఏఈ 2022 నుంచి శని, ఆదివారాలకి మారింది, ప్రభుత్వ ఆఫీసులకి శుక్రవారం సగం రోజు. కాబట్టి రియాద్‌లో కంపెనీ ఆఫీసుకి జీతం సంగతి అడగాలని మీరు శుక్రవారం ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తరు. మనకి సెలవైన ఆదివారం వాళ్లకి వారంలో మొదటి పని రోజు. వాళ్ల ఆఫీసు ఎనిమిదికి తెరిస్తే మనకి పదిన్నర. మన పొద్దున తొమ్మిదింటికే మొదలుపెడితే గంటన్నర సేపు ఫోన్ ఖాళీగా మోగుతుంది.

కూలి పనికెళ్లినవాళ్లలో చాలామందికి వారంలో సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ రోజు ఎప్పుడు చేయాలి? పొద్దున చేయకండి, వారమంతా బాకీ పడ్డ నిద్ర అది. మధ్యాహ్నం నమాజు అక్కడ పన్నెండు ప్రాంతంలో, మనకి రెండున్నర. ఆ తర్వాత భోజనం, మళ్లీ కాస్త కునుకు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా రియాద్ మనిషి తీరిగ్గా ఉంటాడు. మనకి అది ఏడు నుంచి తొమ్మిది. నమాజుతో పనిలేని మన జగిత్యాలవాడికైనా ఈ వేళ బాగానే కుదురుతుంది, ఎందుకంటే ఆ రోజు బట్టలుతుక్కోవడాలు, సరుకులు తెచ్చుకోవడాలు మధ్యాహ్నానికి అయిపోతాయి.

ఇన్ని లెక్కలు చేయలేమంటారా? మీ ఫోన్‌లోనే జవాబుంది. వాడు ఈ మధ్య తనంతట తాను ఎప్పుడెప్పుడు చేశాడో, మిస్డ్ కాల్ ఎప్పుడిచ్చాడో తీసి చూడండి. అక్కడ కనిపించేది మన టైమే, సౌదీ టైం కాదు. కాబట్టి తీసివేతలూ కూడికలూ అక్కర్లేదు. మంగళవారం 9:40, గురువారం 9:50, ఆదివారం 9:35 అని ఉన్నాయనుకోండి. వాడు రోజూ మన తొమ్మిదిన్నర దాటాక ఖాళీ అవుతున్నాడు. అక్కడ అది ఏడు దాటిన వేళ, క్యాంపుకొచ్చి స్నానం అయి ఉంటుంది. ఉన్నట్టుండి ఆ వేళ రాత్రి పన్నెండుకో పొద్దున ఆరింటికో మారితే షిఫ్టు మారిందని అర్థం. వాడు చెప్పకపోయినా మనకి తెలిసిపోతుంది. ఇదే నేను చూసినవాటిలో నమ్మకమైన ఆధారం.

ముగ్గుర్ని కలపాలంటే ఎలాగో ఒక లెక్క వేసి చూద్దాం. తల్లి మొఘల్‌పురాలో, కొడుకు రియాద్‌లో ఒక ఆఫీసులో, కూతురు షికాగోలో. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకోవాలి. ముందు రోజు తేల్చుకోవాలి. కొడుక్కి శుక్ర, శని సెలవులు, కూతురికి శని, ఆది. ఇద్దరికీ కలిసే రోజు శనివారం ఒక్కటే. తర్వాత గంట. అందరికంటే వెనక ఉన్నది షికాగో కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. కూతురు సెలవురోజు తొమ్మిదికి ముందు లేవదు. చలికాలంలో షికాగో ఉదయం 9:00 అంటే మనకి రాత్రి 8:30, రియాద్‌లో సాయంత్రం 6:00. తల్లికి ఇషా నమాజు అయిపోయి ఉంటుంది, కొడుక్కి రియాద్ చలికాలంలో మగ్రిబ్ అయి ఇషాకి ఇంకా టైం ఉంటుంది. అరగంట సేపు ఎవరికీ అడ్డం లేదు. ఎండాకాలం వస్తే మార్చాలా? 8:30కే ఉంచితే షికాగోలో 10:00 అవుతుంది, కూతురికి ఇంకా హాయి. కానీ మే, జూన్‌లలో మనకి ఇషా కూడా ఎనిమిది ప్రాంతంలోనే, కొడుక్కి రియాద్‌లో మగ్రిబ్ ఆరున్నర ప్రాంతంలో. కాబట్టి మాటలు 6:30 లోపు, అంటే మన తొమ్మిది లోపు ముగించాలి. లేదంటే మొత్తం గంట ముందుకి, మన 7:30కి తెచ్చుకోవాలి, కానీ అప్పుడు తల్లికి మగ్రిబ్ ఇప్పుడిప్పుడే అయి ఉంటుంది. నేనైతే 8:30కే ఉంచి మాటలు అరగంటలో ముగించమంటాను. ఒక వేళ స్థిరంగా ఉంటే అందరూ దానికి సర్దుకుంటారు.

రంజాన్ నెలలో ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. చార్మినార్ చుట్టూ రాత్రంతా బజార్లు తెరిచే ఉంటాయి, ఇక్కడి ఇళ్లు సహరీ దాకా మేలుకునే ఉంటాయి. మనకి రాత్రి పదకొండు అంటే రియాద్‌లో ఎనిమిదిన్నర, తరావీహ్ నమాజు జరుగుతుంటుంది. పన్నెండున్నర దాటాక చేయండి, అక్కడ పది. ఆ నెలలో ఆ వేళకి అక్కడివాళ్లూ మేలుకునే ఉంటారు.

పండగ విషయంలో గంట కాదు, రోజే మారుతుంది. సౌదీలో నెలవంక సాధారణంగా మనకంటే ఒక రోజు ముందు ప్రకటిస్తారు. మనం ఇక్కడ ఆఖరి ఉపవాసంలో ఉండగా వాళ్లు అక్కడ ఈద్ చేసుకుంటుంటారు. మన పండగ పొద్దున ఈద్గాహ్ నుంచి వచ్చి "ఈద్ ముబారక్" అని ఫోన్ చేస్తే, వాడు పండగ అయిపోయి రెండో రోజులో ఉంటాడు. దూరంలో ఒంటరిగా పండగ చేసుకున్నవాడికి ఆ ఫోన్ ముందు రోజే రావాలి. ఇక్కడ పండగ కాకపోయినా సరే, వాడి పండగ రోజు వాడి నమాజు అయ్యాక, మన తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో చేయండి. మన పండగ రోజు వాడే చేస్తాడు.

చివరిగా ఒక్క సందర్భంలో గడియారం చూడకూడదు. ఇంట్లో ఎవరైనా పోతే. పాతబస్తీలో ఖననం చాలాసార్లు ఆ రోజే జరిగిపోతుంది, అందుకే కబురు తెల్లారేదాకా ఆపితే వాడికి ఆఖరి చూపు వీడియోలోనైనా దక్కదు. రాత్రి రెండైనా చేయాల్సిందే. అయితే ముందు వాడికి చేయకండి. వాడు డ్రైవరైతే స్టీరింగ్ మీద ఉండొచ్చు, కట్టడం పనైతే ఎత్తు మీద ఉండొచ్చు. వాడి గదిలో ఉండే స్నేహితుడి నంబరు ఒకటి ఎప్పుడూ రాసిపెట్టుకోండి, అది కూడా +966తో, ముందు సున్నా లేకుండా. ముందు అతనికి చేసి, వాడు ఎక్కడున్నాడో కనుక్కుని, పక్కన కూచోమని చెప్పి, ఆ తర్వాత వాడికి చేయండి.